ప్రొటీన్ పెంచగానే మలబద్ధకం, కడుపు బరువు, నోటి వాసన ఎందుకు వస్తాయి

ప్రశ్న: నా వయసు 29, బరువు 75 కిలోలు. కండ పెంచాలని రెండు వారాల కిందట ధాన్యం, పప్పులు, పండ్లు ఒక్కసారిగా మానేశాను. ఇప్పుడు రోజుకు 5 గుడ్లు, 300 గ్రాముల చికెన్, 200 గ్రాముల మటన్ (రెండూ ఉడికించాక తూచినవే), ఒక స్కూప్ వే ప్రొటీన్, నాలుగు కీరదోస ముక్కలు తింటున్నాను. నాలుగో రోజు నుంచి విరేచనం సరిగ్గా అవడం లేదు. రెండు మూడు రోజులకోసారి, అదీ గట్టిగా ముక్కితే గానీ రాదు. తిన్నాక కడుపు రాయిలా ఉంటోంది. నోరు వాసన వస్తోందని ఇంట్లో చెబుతున్నారు, రెండు పూటలా బ్రష్ చేసినా పోవడం లేదు. మాంసం నా ఒంటికి పడదా?

జవాబు:

మీరు రాసినదాన్నిబట్టి మాంసం పడకపోవడం అనిపించడం లేదు. పడకపోతే మామూలుగా మొదటి రోజే వాంతి, విరేచనాలు, దద్దుర్లు లాంటివి కనిపిస్తాయి. మీకు బాధ మొదలైంది నాలుగో రోజున. తిన్నది పెద్దపేగు చివరిదాకా చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే పాత తిండి తాలూకు మలం పూర్తిగా బయటికి వెళ్లిపోయి, కొత్త తిండి తాలూకు మలం చివరికి చేరిన సమయానికే మీకు ఇబ్బంది మొదలైంది. కాబట్టి కొత్తగా ప్లేటులోకి వచ్చినదానికంటే ముందు, ప్లేటులోంచి పోయినదేమిటో చూడాలి.

మీ మూడు బాధలూ ఒకేసారి వచ్చినా, మూడూ ఒకే జబ్బు కాదు. మలబద్ధకం పెద్దపేగులో పుడుతుంది. తిన్నాక వచ్చే బరువు చాలావరకు జీర్ణాశయానిది. వాసన నోటినుంచి రావచ్చు, ఊపిరితిత్తులనుంచి కూడా రావచ్చు. అందుకే ఒకే మందుతో మూడూ పోవు, మూడూ ఒకే వేగంతో తగ్గవు కూడా.

మలబద్ధకంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటినీ అది కొంత పెంచుతోంది.

మాంసం పేగుల్లో రోజుల తరబడి ఉండి కుళ్లుతుందని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. మాంసంలోని ప్రొటీన్‌ను జీర్ణాశయంలోని ఆమ్లం, పెప్సిన్ విడగొడతాయి. ఆ తర్వాత క్లోమం నుంచి వచ్చే ఎంజైములు చిన్నపేగులో ఆ పని పూర్తిచేస్తాయి. అక్కడే 90 శాతానికి పైగా రక్తంలోకి వెళ్లిపోతుంది. కొవ్వు కూడా దాదాపు అంతే. మీ ఇబ్బందికి మూలం సరిగ్గా ఇక్కడే ఉంది. మాంసం, గుడ్లు, చేపలు అంత బాగా అరుగుతాయి కాబట్టే పెద్దపేగుకు చేరేసరికి వాటిలో మిగిలేది చాలా తక్కువ. వాటిలో పీచు అసలే లేదు. తక్కువ అని కాదు, సున్నా.

పెద్దపేగు గోడ కండరాలు బాగా కదలాలంటే లోపల కొంత పరిమాణం ఉండాలి. గోడ కాస్త సాగితేనే దానికి తోయాలన్న సంకేతం అందుతుంది. మలంలో సుమారు మూడొంతుల భాగం నీరే. మిగిలిన పొడి భాగంలో ఎక్కువగా ఉండేవి అరగని పీచు, బ్యాక్టీరియా. బ్యాక్టీరియా ఒక్కటే పొడి బరువులో పావు నుంచి సగం దాకా ఉంటుంది. ఆ బ్యాక్టీరియాకు ఇష్టమైన తిండి కూడా పీచే. కాబట్టి పీచు మానేస్తే మలంలోంచి పోయేది పీచు ఒక్కటే కాదు. దాన్ని తిని పెరిగే సూక్ష్మజీవుల రాశి తగ్గుతుంది, ఆ రెండూ పట్టి ఉంచే నీరు కూడా తగ్గుతుంది.

మీ లెక్కే వేద్దాం. పాత తిండి వివరాలు మీరు రాయలేదు. ధాన్యం, పప్పులు, పండ్లు మూడూ తినేవాళ్లకు రోజుకు 20 నుంచి 25 గ్రాముల పీచు రావడం మామూలే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇప్పుడు మీ ప్లేటులో పీచు ఉన్నది కీరదోస ఒక్కటే. 100 గ్రాముల కీరలో పీచు అర గ్రాముకు కాస్త అటూ ఇటూ. ఎక్కువ తిన్నారనుకున్నా మీకు అందుతున్నది ఒకటి రెండు గ్రాములు. కూరగాయల పీచు గానీ గోధుమ పొట్టు లాంటి ధాన్యపు పీచు గానీ ఒక గ్రాము తింటే మలం బరువు సుమారు 4 నుంచి 5 గ్రాములు పెరుగుతుంది. మీకు 20 గ్రాముల పీచు పోయిందంటే రోజుకు 80 నుంచి 100 గ్రాముల మలం తగ్గినట్టు. చాలామందికి రోజు మొత్తంలో వచ్చేదే 100 నుంచి 200 గ్రాములు. ఇంత తేడా ఒక్క వారంలో వస్తే పేగుకు తోయడానికి దాదాపు ఏమీ మిగలదు.

దీనిమీద నీటి కొరత చేరింది. చిన్నపేగునుంచి పెద్దపేగుకు రోజూ సుమారు లీటరున్నర ద్రవం వస్తుంది. దాంట్లో దాదాపు అంతా పెద్దపేగు తిరిగి పీల్చుకుంటుంది, మలంతోపాటు బయటికి వెళ్లేది 100, 150 మిల్లీలీటర్లే. మలం ఎంత నెమ్మదిగా కదిలితే అంత ఎక్కువసేపు నీరు పీల్చుకోబడుతుంది, అంత గట్టిపడుతుంది. గట్టిపడినది ఇంకా నెమ్మదిగా కదులుతుంది. మలబద్ధకం ఒకసారి మొదలయ్యాక తనంతట తానే పెరగడానికి కారణం ఇది.

పిండిపదార్థాలు హఠాత్తుగా మానేసినప్పుడు ఒంట్లోంచి నీరు కూడా పోతుంది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం ఒక్కో గ్రాముతో సుమారు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ నిల్వ కరిగితే నీరూ పోతుంది. ఇన్సులిన్ స్థాయి తగ్గడంవల్ల కిడ్నీలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, ఉప్పు వెంట ఇంకొంత నీరు వెళ్తుంది. మీకు మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు తగ్గి ఉంటే అందులో ఎక్కువ భాగం ఈ నీరే, కొవ్వు కాదు. ఇక మూడో దారి యూరియా. ఒంటికి అవసరమైనదానికన్నా ఎక్కువ ప్రొటీన్ వస్తే దాంట్లోని నైట్రోజన్‌ను కాలేయం యూరియాగా మార్చి కిడ్నీలకు పంపుతుంది. 100 గ్రాముల ప్రొటీన్ పూర్తిగా ఖర్చయితే సుమారు 34 గ్రాముల యూరియా తయారవుతుంది. దాన్ని కరిగించి బయటికి పంపాలంటే నీరు కావాలి. మీరు ఎప్పటిలాగే అంతే నీరు తాగుతుంటే ఈ అదనపు ఖర్చును ఒళ్లు ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. పెద్దపేగులోని నీరు దానికి అందుబాటులోనే ఉంటుంది.

మీరు గ్యాస్ గురించి రాయలేదు గానీ, వాసన ఘాటుగా మారి ఉంటుందని ఊహిస్తున్నాను. పీచు అందనప్పుడు పెద్దపేగులోని సూక్ష్మజీవులు చేతికి అందిన ప్రొటీన్‌ను పులియబెడతాయి. పీచు పులిస్తే బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు వస్తాయి, అవి పేగు గోడ కణాలకు ఆహారం. ప్రొటీన్ పులిస్తే అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, ఇండోల్, స్కాటోల్ వస్తాయి, వాసనంతా వీటిదే. ఈ మార్పుకు నెలలు పట్టవు. మాంసం, గుడ్లు, చీజ్ మాత్రమే 5 రోజులు పెట్టి చూసిన ఒక అధ్యయనం 2014లో నేచర్ పత్రికలో వచ్చింది. కొత్త తిండి పెద్దపేగుకు చేరిన ఒక్క రోజులోనే సూక్ష్మజీవుల తీరు మారడం అందులో కనిపించింది. పిత్తరసాన్ని తట్టుకునే రకాలు పెరిగాయి, మొక్కల పీచును అరగదీసే రకాలు తగ్గాయి. తిండి పాత పద్ధతికి మారాక అవి కూడా కొద్ది రోజుల్లోనే మునుపటి స్థితికి వచ్చాయి. మీకు ఇది ధైర్యం ఇచ్చే విషయమే, రెండు వారాల్లో మీ పేగు పాడైపోలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మలం తక్కువ రావడం వేరు, మలబద్ధకం వేరు. మాంసమే ఎక్కువగా తినేవాళ్లకు మలం సహజంగానే తక్కువ వస్తుంది. రెండు రోజులకోసారి వచ్చినా మెత్తగా, ముక్కకుండా, పూర్తిగా అయిందన్న తృప్తితో వస్తే అది మలబద్ధకం కాదు. వారంలో మూడుసార్లకంటే తక్కువైనా, వచ్చిన నాలుగుసార్లలో ఒకసారికి మించి గట్టిగా ముక్కాల్సి వచ్చినా, మలం విడివిడి ఉండలుగా గానీ గడ్డలు అతుక్కున్న కడ్డీలా గానీ ఉన్నా అప్పుడే మలబద్ధకం అంటాం. వైద్యులు వాడే బ్రిస్టల్ పట్టికలో ఇవి 1, 2 రకాలు. 3, 4 రకాలు, అంటే పైన పగుళ్లున్న కడ్డీ గానీ నున్నని మెత్తని కడ్డీ గానీ వస్తే బాగున్నట్టు. మీరు చెప్పినది మలబద్ధకం కిందికే వస్తుంది కాబట్టి సరిచేయాల్సిందే.

మాంసం మాత్రమే తింటే ఏమవుతుందని దాదాపు వందేళ్ల కిందటే ఆసుపత్రిలో పెట్టి చూశారు. ఉత్తరధ్రువ ప్రాంతాల్లో తిరిగిన స్టెఫాన్సన్ అనే అన్వేషకుడు 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో మాంసాహారం మాత్రమే తిన్నాడు. మొదట కొవ్వు దాదాపు లేని మాంసం పెట్టారు. మూడో రోజుకల్లా వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వున్న మాంసం చేర్చాక రెండు రోజుల్లో కోలుకున్నాడు, ఆ తర్వాత కొన్ని రోజులు మలబద్ధకం వదల్లేదు. నేనిది చెప్పేది ఎందుకంటే, మాంసాహారం మొదలుపెట్టి ఇబ్బంది పడినవాళ్లు తరచుగా కొవ్వును తప్పుపట్టి, చర్మం తీసిన చికెన్, గుడ్డు తెల్లసొన మాత్రమే తినడం మొదలుపెడతారు. శక్తి అంతా ప్రొటీన్‌నుంచే రావాలంటే కాలేయం అంత నైట్రోజన్‌ను యూరియాగా మార్చలేదు. ప్రొటీన్‌కు పైన ఒక హద్దు ఉంది, దాన్ని దాటితే ఒళ్లు మొరాయిస్తుంది.

ఇప్పుడు కడుపు బరువు సంగతి. ముందు అది ఎక్కడ తెలుస్తోందో చూసుకోండి. తిన్న అరగంటలో బొడ్డుకు పైన, పక్కటెముకల కింద బిగదీసినట్టు ఉండి, నాలుగైదు గంటల్లో తగ్గితే అది జీర్ణాశయానిది. బొడ్డుకు కింద, ముఖ్యంగా ఎడమవైపు, రోజంతా ఉండి విరేచనం అయ్యాక తేలికపడితే అది పేరుకున్న మలంది. మీరు తిన్నాక రాయిలా ఉంటోందన్నారు కాబట్టి మొదటిదే ప్రధానం. రెండోదీ కొంత కలిసి ఉండొచ్చు. పెద్దపేగు చివర నిండిపోయి ఉంటే జీర్ణాశయం ఖాళీ అవడం కూడా నెమ్మదిస్తుంది. అందుకే మలబద్ధకం తగ్గితే పై కడుపు బరువు కూడా కొంత దానంతటదే తేలికవుతుంది.

జీర్ణాశయం అన్నింటినీ ఒకే వేగంతో కిందికి వదలదు. చిన్నపేగులోకి ప్రొటీన్, కొవ్వు చేరగానే అక్కడినుంచి కొలెసిస్టోకైనిన్ లాంటి హార్మోన్లు విడుదలవుతాయి. కాస్త ఆగు, ఇక్కడున్నది అరగనీ అని జీర్ణాశయానికి వాటితోనే సంకేతం వెళ్తుంది. కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉండటం ఇందువల్లే. బరువు తగ్గాలనుకునేవాళ్లకు అది లాభం. అయితే ఒకే పూటలో 200 గ్రాముల మటన్, దాని కొవ్వుతో సహా, నాలుగు నిమిషాల్లో సగం నమిలి మింగితే అదే లాభం బాధగా మారుతుంది. పెద్ద ముక్కలను జీర్ణాశయం నలిపి ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులుగా చేసేదాకా కిందికి పంపదు. పళ్లు చేయని పని అక్కడ జరగాలి. దీనికి తోడు, ప్రొటీన్‌ను అరిగించి వాడుకోవడానికే దాని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, పిండిపదార్థాలకు అది 5 నుంచి 10 శాతమే. పెద్ద మాంసం భోజనం తర్వాత ఒళ్లు వెచ్చబడి, చెమట పట్టి, మత్తుగా అనిపించేది కొంత ఇందువల్ల.

దీనికి మందు కన్నా పంపకం ముఖ్యం. రోజుకు తినాలనుకున్న ప్రొటీన్‌ను మూడు నాలుగు పూటలకు సర్ది, పూటకు 30 నుంచి 40 గ్రాములకు మించకుండా చూసుకోండి. కొవ్వున్న మాంసాన్ని మధ్యాహ్నానికి మార్చండి, రాత్రి పడుకునే మూడు గంటల ముందే తినడం ముగించండి. వే ప్రొటీన్ తాగిన గంటలోనే ఉబ్బరం వస్తోందా అన్నది విడిగా గమనించండి. అలా వస్తే దాంట్లోని లాక్టోజ్ అనే పాల చక్కెర కారణం కావచ్చు, దాన్ని చాలావరకు తీసేసిన ఐసోలేట్ రకానికి మారితే తెలిసిపోతుంది. ప్రొటీన్ బార్లు తింటుంటే వాటిలో తీపికోసం కలిపే మాల్టిటాల్, సార్బిటాల్ కూడా ఉబ్బరం తెస్తాయి.

నోటి వాసన విషయంలో మీరు రాసిన ఒక్క మాట చాలా ఉపయోగపడింది, బ్రష్ చేసినా పోవడం లేదన్నారు. ఇలాంటి తిండిలో వాసన రెండు చోట్లనుంచి వస్తుంది, రెండింటి స్వభావం వేరు.

ఒకటి కీటోన్లు. పిండిపదార్థాలు రోజుకు సుమారు 50 గ్రాములకంటే తగ్గితే, చాలామందిలో కొన్ని రోజుల్లోనే కాలేయం కొవ్వునుంచి కీటోన్లు చేయడం బాగా పెంచుతుంది. మీ తిండిలో పిండిపదార్థాలు 10 గ్రాములైనా ఉంటాయో లేదో. కీటోన్లలోంచి పుట్టే అసిటోన్ తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం, అది రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి చేరి శ్వాసతో బయటికి వస్తుంది. వాసన గోళ్ల రంగు తుడిచే ద్రవంలా, లేదా బాగా మాగిన పండులా ఉంటుంది. ఇది ఊపిరిలోంచి వచ్చేది కాబట్టి నోరు ఎంత కడిగినా పోదు.

రెండోది నాలుక వెనక భాగం. అక్కడ గాలి తగలని సందుల్లో ఉండే బ్యాక్టీరియా మాంసపు తునకలను, లాలాజలంలోని ప్రొటీన్‌ను విడగొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు వాయువులు వదులుతాయి. వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది. పళ్ల సందుల్లో ఇరుక్కునే మాంసపు నార వీటికి నేరుగా అందే తిండి. ఒంట్లో నీరు తగ్గి నోరు ఎండిపోతే కడిగేసే లాలాజలం కూడా తగ్గి, వాసన పెరుగుతుంది.

ఏది మీదో తెలుసుకోవడం కష్టం కాదు. పొద్దున ఏమీ తినకముందు మణికట్టును నాలుకతో నాకి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. ఘాటుగా ఉంటే నాలుకదే. పళ్ల సందుల్లో దారం తిప్పి దాన్నీ వాసన చూడండి. తర్వాత ఇంట్లో నమ్మకస్తులను ఒకసారి మీరు నోరు మూసి ముక్కుతో వదిలే గాలిని, ఇంకోసారి ముక్కు మూసి నోటితో వదిలే గాలిని వాసన చూడమనండి. రెండింట్లోనూ ఒకే తీపి, రసాయనపు వాసన ఉంటే అది కీటోన్లది. నోటి గాలిలోనే ఉంటే నోటిది. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి, కావాలంటే దాంతో నిర్ధారించుకోవచ్చు. మీ తిండి చూస్తే రెండూ కలిసి ఉంటాయనే నా అంచనా.

నోటిదైతే రోజుకు ఒకసారి నాలుకను వెనక నుంచి ముందుకు గీకడం, మాంసం తిన్న ప్రతిసారీ పళ్ల సందులు శుభ్రం చేయడం, నీళ్లు తాగుతూ ఉండటం పనిచేస్తాయి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పదేపదే పుక్కిలించకండి, నోరు ఇంకా ఎండిపోవచ్చు. చిగుళ్లనుంచి రక్తం వస్తుంటే దంతవైద్యుడికి చూపించండి, తిండి మార్చినా ఆ వాసన పోదు. కీటోన్లదైతే మార్గం ఒక్కటే, పిండిపదార్థాలు కొంత తిరిగి తేవడం. కండ పెంచడానికి కీటోన్లు అవసరం లేదు. పిండిపదార్థాలు పూర్తిగా మానడం మీ లక్ష్యానికి మేలు చేస్తుందని నేను అనుకోను, బరువులెత్తే కండరానికి గ్లైకోజెనే ప్రధాన ఇంధనం.

ఇప్పుడు మీ ప్లేటును తిరగరాద్దాం. 5 గుడ్లలో 30 గ్రాములకు పైన ప్రొటీన్ ఉంటుంది. ఉడికిన చికెన్ 100 గ్రాములకు సుమారు 30 చొప్పున 90. మటన్ 200 గ్రాములకు 50 దాకా. వే ఒక స్కూప్‌కు 24. మొత్తం 195 గ్రాములు. మీ బరువుకు కిలోకు 2.6 గ్రాములు. బరువులెత్తేవాళ్లలో కండ పెరగడానికి కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం చాలా కొద్దిగానే ఉంటుంది. మీకు అది 120 గ్రాములు. మిగతా 75 గ్రాములు కండ కావడం లేదు, శక్తిగా ఖర్చయి యూరియాగా పోతున్నాయి.

కాబట్టి చేరాల్సిన చోటు ఇది: 3 గుడ్లు, ఉడికిన చికెన్ 200 గ్రాములు, వే ఒక స్కూప్, ఉడికిన పప్పుధాన్యాలు ఒక కప్పు అంటే సుమారు 200 గ్రాములు. ప్రొటీన్ వరుసగా 19, 60, 24, 18. మొత్తం 121. మటన్ ఇష్టమైతే వారంలో రెండు రోజులు చికెన్ బదులు తినండి, దాంతోపాటు కాదు. ఆ ఒక్క కప్పు పప్పుధాన్యాల్లోనే 12 నుంచి 15 గ్రాముల పీచు ఉంటుంది. తొక్కతో ఒక యాపిల్ గానీ బేరిపండు గానీ చేరిస్తే ఇంకో 4, 5 గ్రాములు. 300 గ్రాముల ఉడికిన కూరగాయలు 8 దాకా ఇస్తాయి. ఇంతటితో 25 దాటారు. పైన ఒకటి రెండు చిన్న కప్పుల ఉడికిన ధాన్యం పెట్టుకుంటే పిండిపదార్థాలు 100 గ్రాముల దగ్గరికి వస్తాయి, కీటోన్ల వాసన ఆగిపోతుంది.

ఇదంతా రేపే మొదలుపెట్టకండి. ఒక్కసారిగా మానేయడం ఎంత ఇబ్బందో, ఒక్కసారిగా తిరిగి తేవడం అంతే ఇబ్బంది. పీచు తినే సూక్ష్మజీవులు మీలో ఇప్పుడు తగ్గి ఉన్నాయి, ఒకేసారి 25 గ్రాములు పోస్తే కడుపు ఉబ్బి, పప్పులే పడవన్న తప్పు నిర్ణయానికి వస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు పండు, ఉడికిన కూరగాయలు, ఒక చిన్న కప్పు ధాన్యం. పచ్చివాటికన్నా ఉడికినవి ఈ దశలో హాయిగా ఉంటాయి. తర్వాత పావు కప్పు పప్పుధాన్యాలు, మూడు నాలుగు రోజులకోసారి ఇంకో పావు. రెండు వారాల్లో కప్పుకు చేరతారు. మటన్‌ను మాత్రం మొదటి రోజునుంచే తగ్గించవచ్చు.

నీటికి అందరికీ సరిపోయే కొలత లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా తాగితే చాలు, వ్యాయామం చేసే మీకు అది రోజుకు రెండు, రెండున్నర లీటర్ల దగ్గర తేలుతుంది. పీచు లేకుండా నీళ్లు మాత్రమే పెంచితే మలం మెత్తబడుతుందని ఆశించకండి, ఎక్కువైన నీరు మూత్రంగా పోతుంది. పట్టి ఉంచే పీచు ఉంటేనే అది మలంలో నిలుస్తుంది. పొద్దున ఏదైనా తిన్నాక 15, 20 నిమిషాలకు పెద్దపేగు కదలిక సహజంగా పెరుగుతుంది. ఆ వేళకు పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, ముక్కకుండా కూర్చోవడం అలవాటు చేసుకోండి.

ఈలోగా ఇప్పటికే గట్టిపడి ఉన్న మలం సంగతి చూడాలి. మూడు నాలుగు రోజులుగా ఏమీ రానప్పుడు ఇసబ్గోల్ లాంటి ఉబ్బే పీచుతో మొదలుపెట్టకూడదు, ముందున్న అడ్డం వెనక ఇంకో గడ్డ చేరుతుంది. ముందు పాలిఇథిలీన్ గ్లైకాల్ గానీ లాక్టులోజ్ గానీ రెండు మూడు రోజులు వాడి దారి తెరవండి. అవి నీటిని పేగులో నిలిపి మలాన్ని మెత్తబరుస్తాయి. మోతాదు ఫార్మసిస్టును గానీ డాక్టరును గానీ అడిగి తీసుకోండి. ఎండిన ప్లమ్ పండ్లు రోజుకు 50 నుంచి 100 గ్రాములు తిన్నా చాలామందికి సరిపోతుంది. దారి తెరుచుకున్నాక కావాలంటే ఇసబ్గోల్ 5 గ్రాములు పెద్ద గ్లాసు నీళ్లతో తీసుకోవచ్చు, వేరే మందులేవైనా వాడుతుంటే వాటికీ దీనికీ మధ్య రెండు గంటలు వదలండి. ఐరన్, కాల్షియం మాత్రలు కొత్తగా మొదలుపెట్టి ఉంటే వాటివల్ల కూడా మలం గట్టిపడుతుంది, సరిచూసుకోండి.

తగ్గే వరుస ఇలా ఉంటుంది. పిండిపదార్థాలు తిన్న ఒకటి రెండు రోజుల్లో అసిటోన్ వాసన పోతుంది. పూటలు సర్దుకున్న మూడు నాలుగు రోజుల్లో పై కడుపు బరువు తగ్గుతుంది. విరేచనం కుదురుకోవడం చివరిది, వారం నుంచి రెండు వారాలు పడుతుంది, మధ్యలో గ్యాస్ కొంచెం పెరిగినా అది కొద్ది రోజులదే. తూకం యంత్రంమీద కిలో, రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తుంది. అది తిరిగొచ్చిన గ్లైకోజెన్, నీరు. దాన్ని చూసి కంగారుపడి మళ్లీ అన్నీ మానేసి ఈ చక్రంలోకే తిరిగొచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

మూడు వారాలు ఇలా చేసినా మారకపోతే తిండి కాక వేరే కారణం ఉందేమో డాక్టరు చూడాలి, థైరాయిడ్ తగ్గడం వాటిలో ఒకటి. మలంలో రక్తం గానీ నల్లని తారులాంటి రంగు గానీ, ప్రయత్నించకుండానే తగ్గే బరువు, కడుపు బిర్రబిగిసి గ్యాస్ కూడా వెళ్లకపోవడం, వాంతులు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మూడు వారాలు ఆగకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు నేను పైన రాసిన ప్రొటీన్ లెక్కను అనుసరించకూడదు, వాళ్ల పరిమితి వైద్యుడే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లకు గానీ డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు గానీ, మాగిన పండులాంటి శ్వాసతోపాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అది తిండివల్ల వచ్చే కీటోన్ల వాసన అని సరిపెట్టుకోకూడదు. ఆ మాత్రలు వాడేవాళ్లలో రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తున్నా కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకరమైన కీటోఅసిడోసిస్ రావచ్చు, అదే గంటలో ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి వాడుతున్న మాత్ర పేరు ముందుగా చెప్పాలి.